బిజినేపల్లి కొత్త బ్యాచ్: ఫ్లెక్సీ మీద ఏం రాయాలి?



నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి లాంటి మండల కేంద్రంలో డ్రైవింగ్ స్కూల్ కొత్త బ్యాచ్ మొదలుపెడుతోందంటే ఆ కబురు రెండు దారుల్లో జనానికి చేరుతుంది. ఒకటి బస్టాండు దగ్గర కట్టే ఫ్లెక్సీ, రెండోది వాట్సాప్ స్టేటస్. రెండింటిలోనూ చోటు కొంచెమే. అందుకే మన ఊళ్లలో ఈ ప్రకటనలన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి: ‘కారు డ్రైవింగ్ నేర్పబడును. లైసెన్స్ ఇప్పించబడును. లేడీస్‌కు ప్రత్యేక శిక్షణ. ఫీజులో రాయితీ.’ కింద ఒక ఫోన్ నంబరు.

చేరబోయే మనిషి నిజంగా తెలుసుకోవాలనుకునేవి మూడు. స్టీరింగ్ తన చేతికి ఎంతసేపు ఇస్తారు? మొత్తం ఎంత ఖర్చవుతుంది? టెస్ట్ దగ్గర స్కూలువాళ్లు ఏం సాయం చేస్తారు? పైన చెప్పిన నాలుగు ముక్కల్లో ఈ మూడింటికీ జవాబు లేదు. పైగా అందులో ఒక ముక్క చట్టానికే విరుద్ధంగా పోయే ప్రమాదం ఉంది.

ఆ ముక్క ‘లైసెన్స్ ఇప్పించబడును’. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 27వ నిబంధన డ్రైవింగ్ స్కూళ్ల బాధ్యతలను ఒక్కొక్కటిగా చెబుతుంది. నిబంధనల ప్రకారం కాకుండా వేరే దారిలో లైసెన్స్ తెప్పించగలమని చేరేవాళ్లను నమ్మించకూడదని, అడ్డదారి తొక్కడానికి ఎవరితోనూ చేతులు కలపకూడదని అందులో స్పష్టంగా ఉంది. షరతులు మీరితే స్కూల్ లైసెన్సును ఆపేసే అధికారం, రద్దు చేసే అధికారం రవాణా శాఖకు ఉన్నాయి. లైసెన్స్ ఇచ్చేది రవాణా శాఖ. దానికి మనిషిని సిద్ధం చేసేది స్కూల్. ‘గ్యారంటీ’ అని రాసే స్కూలు తన చేతిలో లేనిదాన్ని అమ్ముతున్నట్టే.

మరి స్కూల్ ధైర్యంగా రాసుకోగలిగింది ఏమిటి? మొదట గంటల సంగతి చూద్దాం. నిజాయితీ ఉన్న స్కూలుకూ లేని స్కూలుకూ తేడా అన్నిటికన్నా ముందు అక్కడే బయటపడుతుంది.

సొంత కారు నడుపుకోవడానికి నేర్చుకునేవారికి శిక్షణ 21 రోజులకు తగ్గకూడదని, అందులో బండి నడిపే సమయం 10 గంటలకు తగ్గకూడదని 31వ నిబంధన చెబుతోంది. ఈ రెండు అంకెలనూ కలిపి లెక్క వేస్తే క్లాసు ఎంతసేపు ఉండాలో దానంతటదే తేలుతుంది. రోజుకు అరగంట చొప్పున 21 రోజులు నడిపితే పదిన్నర గంటలు అవుతుంది. అంటే రోజూ అరగంట స్టీరింగ్ పడితేనే చట్టం అడిగిన గీత దాటుతారు. పెద్దగా మిగిలేది కూడా ఏమీ ఉండదు. రెండు రోజులు ఎగ్గొట్టినా మరో రోజు దాన్ని పూడ్చుకోవాల్సిందే.

ఇప్పుడు ‘రోజూ గంట క్లాసు’ అన్న మాటను దగ్గరగా చూడాలి. వినడానికి అరగంట కంటే గంట ఎక్కువే. కానీ ఆ గంటలో కారులో ముగ్గురు ఎక్కుతారనుకుందాం. ఒకరు నడుపుతుంటే మిగతా ఇద్దరు వెనక సీట్లో కూర్చుంటారు. ఒక్కొక్కరికి దక్కేది 20 నిమిషాలు. 21 రోజులకు 7 గంటలు. పది గంటలకు మూడు గంటలు తక్కువ. వెనక కూర్చుని చూడటం దండగేమీ కాదు. ఎదుటివాడు ఎక్కడ తడబడుతున్నాడో గమనిస్తే కొంత తెలుస్తుంది. కానీ క్లచ్ ఏ చోట పట్టుకుంటుందో తెలియాల్సింది పాదానికి. వెనక సీట్లో కూర్చున్నవాడి పాదానికి అది తెలిసే దారి లేదు.

ఈ లెక్కను స్కూల్ వైపు నుంచి కూడా చూడాలి. ఉదయం 6 నుంచి 9.30 వరకు, సాయంత్రం 4 నుంచి 6.30 వరకు కారు తిరుగుతుందనుకుంటే మొత్తం ఆరు గంటలు. అరగంట చొప్పున పన్నెండు మందికి సరిపోవాలి. మనిషి దిగి మరో మనిషి ఎక్కి, సీటు జరుపుకుని, అద్దాలు సర్దుకునే సమయం తీసేస్తే పదిమందికి మించి న్యాయం చేయలేరు. ఒక్క కారున్న స్కూల్ ఒకే బ్యాచ్‌లో పాతికమందిని చేర్చుకుందంటే, ఆ పాతికమందిలో ఎవరికీ పది గంటలు రావు. అందుకే ‘ఒక కారుకు పదిమందే’ అన్న చిన్న మాట ఫ్లెక్సీ మీద ఉంటే, రాయితీ మాటకంటే దానికే ఎక్కువ విలువ ఇవ్వాలి.

టైమింగులు కూడా ఊరిని చూసి పెట్టుకోవాల్సినవే. పాలమూరు వైపు ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆగి ఉన్న కారులో స్టీరింగ్ మీద చెయ్యి పెట్టలేం. వానాకాలం విత్తనాలు పడే రోజుల్లో పొలం పనివాళ్లు తెల్లవారగానే బయలుదేరిపోతారు. వాళ్లకు సాయంత్రమే వీలు. ఉద్యోగాలకు, కాలేజీలకు నాగర్‌కర్నూలో మహబూబ్‌నగరో పోయేవాళ్లకు బస్సు వేళకు ముందే క్లాసు అయిపోవాలి. బ్యాచ్ వేళలతో పాటు ఒక రోజు తప్పితే ఎప్పుడు పూడుస్తారో కూడా ఒక్క ముక్కలో చెప్పేస్తే, ఆ తర్వాత గొడవకు తావుండదు.

క్లాసు మొదలయ్యే తేదీ మరో తేదీతో ముడిపడి ఉంది. అది ఎల్‌ఎల్‌ఆర్ చేతికొచ్చిన తేదీ. ఎల్‌ఎల్‌ఆర్ లేకుండా రోడ్డు మీద స్టీరింగ్ పట్టుకోకూడదు. దాని కోసం ముందుగా కంప్యూటర్ మీద చిన్న పరీక్ష రాయాలి. మన రాష్ట్రంలో 20 ప్రశ్నలు ఇస్తారు, 12 సరిగా రావాలి. చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుని, రోడ్డు పక్కన రోజూ చూసే గుర్తుల దగ్గరే దెబ్బతింటారు. నీలం రంగు గుండ్రటి పలక మీద ఒక ఎర్ర గీత అడ్డంగా ఉంటే అక్కడ పార్కింగ్ కూడదు. రెండు ఎర్ర గీతలు ఒకదాన్నొకటి దాటుతూ ఉంటే అక్కడ బండి ఆపడమే కూడదు. దూరం నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. స్కూల్ చేసే టెస్ట్ సాయం ఇక్కడే మొదలవ్వాలి. గుర్తుల పలక ముందు పెట్టుకుని, గుండ్రటిది ఆజ్ఞ, మూడు మూలలది హెచ్చరిక, నలుచదరంగా ఉన్నది సమాచారం అని చెప్పి, ఒక్కొక్కటీ అడిగి చెప్పించుకునే రెండు సాయంత్రాలు చాలు.

ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన నాటి నుంచి ఆరు నెలలు చెల్లుతుంది. కానీ వచ్చిన మర్నాడే డ్రైవింగ్ టెస్టుకు పోవడానికి వీల్లేదు. కనీసం 30 రోజులు గడవాలి. జూన్ 1న ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిందనుకుందాం. నెల నిండాక, అంటే జూలై మొదటి రోజుల్లోనే టెస్ట్ స్లాట్. ఎల్‌ఎల్‌ఆర్ గడువు నవంబరు ఆఖరుకు అయిపోతుంది. 21 రోజుల బ్యాచ్ జూన్ రెండో వారంలో మొదలైతే, నేర్చుకున్నది చేతిలో వేడిగా ఉండగానే టెస్ట్ వస్తుంది. ఎల్‌ఎల్‌ఆర్ రాకముందే క్లాసులు అయిపోగొట్టేసి, ఆ తర్వాత నెలా రెండు నెలలు కారు ముట్టకుండా టెస్టుకు పోయినవాళ్లు ట్రాక్ మీద బిగుసుకుపోతారు. ఆ తప్పు వాళ్లది కాదు, తేదీలు చూడకుండా బ్యాచ్ పెట్టినవాళ్లది.

టెస్ట్ పోతే? జూలై 3న తప్పితే ఏడు రోజులు ఆగి మళ్లీ వెళ్లవచ్చు. 11న రెండోసారి, 20న మూడోసారి కూడా తప్పితే ఇక 60 రోజులు ఆగాలి, అంటే సెప్టెంబరు 18 దాకా. అప్పటికీ ఎల్‌ఎల్‌ఆర్ గడువు మిగిలే ఉంటుంది కాబట్టి కంగారు పడి ఏజెంట్ల వెంట తిరగాల్సిన పనిలేదు. ఈ లెక్క చేరిన రోజే చెప్పేస్తే ఏజెంటు మాటలకు సగం గిరాకీ పడిపోతుంది.

ఇక ట్రాక్ దగ్గరికి వద్దాం. కారుకు హెచ్ ఆకారపు దారిలో ముందుకు, వెనక్కు నడిపించడం, ఎనిమిది తిరగడం, ఎత్తుదారిలో ఆపి మళ్లీ కదిలించడం ముఖ్యమైనవి. బైకుకైతే ఎనిమిది. బైకు మీద ఎనిమిది వేసేటప్పుడు కాలు కింద పెడితే ఆ టెస్ట్ పోయినట్టే. ముందు చక్రం కేసి చూస్తూ నడిపేవాళ్లే ఎక్కువగా కాలు దించుతారు. చూపు మలుపు చివరికి పోతే బండి కూడా అటే పోతుంది.

కారులో ఎక్కువమంది తప్పేది ఎత్తుదారి మీద. అక్కడ ఏం జరుగుతుందో కొంచెం నింపాదిగా చెప్పుకోవాలి. ఎక్కుతూ ఎక్కుతూ సగంలో ఆపమంటారు. మళ్లీ కదిలించేటప్పుడు కుడికాలు బ్రేకు మీద నుంచి యాక్సిలరేటర్ మీదికి మారాలి. ఆ మారే క్షణంలో కారును పట్టి ఉంచేది ఏదీ లేకపోతే అది వెనక్కు జారుతుంది. జారగానే భయపడి క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తారు, ఇంజన్ బంద్ అవుతుంది. దీనికి విరుగుడు హాండ్ బ్రేక్. ఆపగానే హాండ్ బ్రేక్ గట్టిగా లాగాలి. ఫస్ట్ గేరు వేసి, యాక్సిలరేటర్ కాస్త తొక్కి పట్టి, క్లచ్ మెల్లగా పైకి తేవాలి. ఒకచోట ఇంజన్ చప్పుడు బరువెక్కి, బానెట్ ముందుభాగం వేలెడంత పైకి లేచినట్టు కనిపిస్తుంది. హాఫ్ క్లచ్ అనేది అదే. అక్కడ పాదాన్ని కదల్చకుండా నిలిపి, అప్పుడు హాండ్ బ్రేక్ దించితే కారు వెనక్కు పోదు, దూకదు, నెమ్మదిగా ఎక్కుతుంది. ఇంజన్ ఆగిపోతే క్లచ్ తొందరపడి వదిలారని అర్థం. చప్పుడు పెద్దదై కారు కదలకపోతే క్లచ్ ఇంకా అందలేదని, లేదా హాండ్ బ్రేక్ దించడం మర్చిపోయారని అర్థం.

హెచ్‌లో తప్పేవాళ్ల కథ వేరు. తొందరే వాళ్ల శత్రువు. రివర్స్‌లో యాక్సిలరేటర్ అవసరమే చాలా తక్కువ. చదునైన చోట హాఫ్ క్లచ్ మీదే కారు నడక వేగంతో వెనక్కు వస్తుంది. ఒక్క అద్దంలోకే చూస్తూ ఉంటే రెండో వైపు హద్దు తగులుతుంది.

ఈ హాఫ్ క్లచ్ ఒక్కో కారులో ఒక్కో ఎత్తులో ఉంటుంది. ఒకదానిలో పెడల్ సగంలోనే పట్టుకుంటుంది, మరోదానిలో దాదాపు పూర్తిగా వదిలితే తప్ప పట్టదు. అందుకే ‘టెస్ట్ రోజు మీరు నేర్చుకున్న కారే ఇస్తాం’ అని రాయగలిగిన స్కూల్ చేసేది నిజమైన సాయం. 21 రోజులు ఒక కారులో నేర్పి, టెస్ట్ రోజు ఎవరిదో కారు ఎక్కిస్తే చేతికొచ్చిన విద్య ట్రాక్ మీద అక్కరకు రాదు. ఆ రోజు కారుకు విడిగా డబ్బు తీసుకునే పద్ధతి ఉంటే ఎంతో అక్కడే రాయాలి.

ఫీజు మాటకు వస్తే, ‘అన్నీ కలిపి ఇంత’ అన్న ఒకే అంకె కింద చాలా దాగుతుంది. ప్రభుత్వానికి కట్టేది వేరు, స్కూలుకు కట్టేది వేరు. కేంద్ర నిబంధనల ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్‌కు ఒక్కో తరగతి వాహనానికి 150 రూపాయలు, దాని పరీక్షకు 50. డ్రైవింగ్ టెస్టుకు ఒక్కో తరగతికి 300, లైసెన్సుకు 200. కారు, బైకు రెండూ కావాలనుకున్న మనిషికి ఎల్‌ఎల్‌ఆర్ దగ్గర 350, లైసెన్స్ దగ్గర 800, కలిపి 1,150 రూపాయలు. దీనిపైన రాష్ట్రం వేసే సర్వీస్ ఛార్జీలు, కార్డు, పోస్టు ఖర్చులు ఉంటాయి. ఆ మొత్తం ఎంతైనా దానికి అభ్యర్థి పేరు మీదే రసీదు వస్తుంది. టెస్ట్ తప్పి మళ్లీ పోతే టెస్ట్ ఫీజు మళ్లీ కట్టాలి. రసీదు లేని రూపాయి ఏదైనా సరే, అది ప్రభుత్వ ఫీజు కాదు.

స్కూల్ ఫీజును పోల్చడానికి స్టీరింగ్ గంటల కొలతను మించింది లేదు. ఊహకే రెండు స్కూళ్లు తీసుకుందాం. ఒకటి 5,000 తీసుకుని రోజుకు అరగంట చొప్పున 21 రోజులు నేర్పుతుంది. గంటకు దాదాపు 476 రూపాయలు పడుతుంది. రెండోది 4,500కే నేర్పుతామంటుంది, కానీ 15 రోజులు, రోజుకు 20 నిమిషాలు. అంటే ఐదు గంటలు, గంటకు 900. అయిదొందలు తక్కువని రెండోదాంట్లో చేరిన మనిషి నిజానికి దాదాపు రెట్టింపు ధర పెట్టి సగం కూడా నేర్చుకోలేదు. పైగా ఆ ఐదు గంటలతో టెస్ట్ తప్పితే మళ్లీ ఫీజు, మళ్లీ స్లాటు, మళ్లీ ఒక రోజు కూలి పోవడం.

2024 మే నెలలో ఫోన్లన్నీ చుట్టిన ఒక వార్త ఇంకా కొందరి మనసుల్లో ఉంది. జూన్ 1 నుంచి ఆర్టీవో ఆఫీసులో టెస్ట్ అక్కర్లేదని, డ్రైవింగ్ స్కూల్ సర్టిఫికెట్ చాలని అందులో ఉంది. కొత్త మార్పేమీ లేదని కేంద్ర రవాణా శాఖ అప్పుడే చెప్పింది. అసలు సంగతి ఏమిటంటే, 2021 జూలై 1 నుంచి అమలైన నిబంధనల కింద ప్రత్యేక గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాలు అనేవి ఉన్నాయి. వాటికి సొంత ట్రాక్, సిమ్యులేటర్ ఉండాలి, కారు కోర్సు 29 గంటలు. అవి ఇచ్చే ఫారం 5బి ఉంటేనే ఆ టెస్ట్ మినహాయింపు. మామూలు స్కూల్ ఇచ్చేది ఫారం 5. అది శిక్షణ పూర్తయిందని చెప్పే కాగితమే, టెస్టుకు మాత్రం వెళ్లాల్సిందే. ఊరి ఫ్లెక్సీ మీద ‘టెస్ట్ లేకుండా’ అన్న మాట కనిపిస్తే ఈ తేడా గుర్తుకు రావాలి.

ఇవన్నీ కలిపితే బిజినేపల్లి బ్యాచ్ ప్రకటన ఇలా ఉండవచ్చు: ‘కొత్త బ్యాచ్ మొదలు. కారు శిక్షణ 21 రోజులు. రోజూ ఒక్కొక్కరికి స్టీరింగ్ మీద అరగంట, మొత్తం పదిన్నర గంటలు. ఒక కారుకు పదిమందే. ఉదయం 6 నుంచి 9.30, సాయంత్రం 4 నుంచి 6.30. తప్పిన క్లాసు ఆదివారం పూడుస్తాం. ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షకు గుర్తుల క్లాసులు రెండు. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాకే స్టీరింగ్. హెచ్, ఎనిమిది, ఎత్తుదారి ప్రాక్టీస్. టెస్ట్ రోజు నేర్చుకున్న కారే. స్కూల్ ఫీజు ఇంత. ప్రభుత్వ ఫీజు వేరు, రసీదు మీ పేరునే. లైసెన్స్ ఇచ్చేది రవాణా శాఖ, నడపడం నేర్పేది మేము.’ స్టేటస్‌లో పట్టేంతే ఉంది. పదిహేను చిన్న వాక్యాలకు లోపలే చేరేవాడి ప్రశ్నలన్నిటికీ జవాబు దొరుకుతుంది. ‘ఇంత’ అన్న చోట అంకె మాత్రం తప్పకుండా వేయాలి. ‘ఫోన్ చేయండి’ అని వదిలేయకూడదు.

రాసినదాన్ని నిజమా కాదా అని సరిచూసుకునే దారి కూడా నిబంధనల్లోనే ఉంది. స్కూల్ తన అసలు లైసెన్సును, నేర్పేవారి పేర్లను ఆఫీసులో అందరికీ కనపడేలా పెట్టాలి. నేర్పే మనిషి పదో తరగతి పాసై, ఐదేళ్ల డ్రైవింగ్ అనుభవం ఉండి, మోటారు మెకానిక్ కోర్సు సర్టిఫికెట్ ఉన్నవాడై ఉండాలి. కారులో నేర్పేవాడి కాళ్ల దగ్గర కూడా బ్రేకు, క్లచ్ ఉండాలి. ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ‘ఎల్’ ఉండాలి. పలక 18 సెంటీమీటర్ల చదరానికి, అక్షరం 10 సెంటీమీటర్ల ఎత్తుకు తగ్గకూడదు. వీటన్నిటికన్నా పనికొచ్చేది ఫారం 15. ప్రతి విద్యార్థీ ఏ రోజు ఎంతసేపు బండి నడిపాడో స్కూల్ విడిగా రాసి ఉంచాల్సిన రికార్డు అది. కొత్త బ్యాచ్‌లో చేరేవారు డబ్బు కట్టే ముందే ఆ రికార్డు ఎలా రాస్తారో చూపించమని అడగండి. చేరాక వారానికోసారి మీ పేజీ తెరిపించి, అందులో రాసిన నిమిషాలు మీరు నిజంగా నడిపిన నిమిషాలతో సరిపోతున్నాయో లేదో చూసుకోండి. సరిపోకపోతే 21 రోజులు నిండేదాకా ఆగకుండా ఆ రోజే అడగండి.